కంట్రోల్ చార్టా, సీపీకేనా, శాంప్లింగ్ ప్లానా: క్వాలిటీ కంట్రోల్ లెక్కలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

లెక్కలో 20 సబ్‌గ్రూపుల సగటులు, రేంజులు ఇచ్చారు. పక్కనే షాఫ్ట్ వ్యాసం 25.00 ± 0.05 మి.మీ. ఉండాలని ఉంది. చివర్లో ఆ షాఫ్ట్‌లు 1000 చొప్పున లాట్లుగా వెళ్తాయని ఇంకో వాక్యం. ఇది చదవగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఫార్ములాలు తెలియక కాదు, అన్నీ తెలుసు కాబట్టే. A2 తో గుణించాలా, d2 తో భాగించాలా, లేక పాయిజాన్ వాడాలా అన్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

ఈ మూడు పద్ధతులూ ఒకే పాఠంలో పక్కపక్కన వస్తాయి కాబట్టి ఒకదానికి బదులు ఇంకొకటి వాడొచ్చని అనిపిస్తుంది. అలా కుదరదు. మూడూ మూడు వేరు ప్రశ్నలకు జవాబులు. అందుకే ముందు ఎంపికకు ఏది ఆధారమో చూసి, తర్వాత ఒకే షాఫ్ట్ లెక్కను మూడు పద్ధతుల్లోనూ చేద్దాం.

## ముందు చూడాల్సిన మూడు విషయాలు

మొదటిది, అడిగింది దేని గురించి? ప్రాసెస్ నిలకడగా నడుస్తోందా అని అడిగితే కంట్రోల్ చార్ట్. నిలకడగా నడిచే ప్రాసెస్ డ్రాయింగ్‌లో అడిగిన కొలతకు సరిపోతుందా అని అడిగితే ప్రాసెస్ కేపబిలిటీ. తయారై ముందుకొచ్చిన ఈ లాట్‌ను తీసుకోవాలా, వెనక్కి పంపాలా అని అడిగితే యాక్సెప్టెన్స్ శాంప్లింగ్.

రెండోది, హద్దులు ఎవరివి? నా ఉద్దేశంలో మూడింటిలో ఇదే ముఖ్యం. కంట్రోల్ హద్దులు ప్రాసెస్ ఇచ్చిన అంకెల్లోంచే పుడతాయి, వాటిని ఎవరూ నిర్ణయించరు. స్పెసిఫికేషన్ హద్దులు డిజైన్ చేసినవాళ్లో కొనేవాళ్లో పెట్టినవి, ప్రాసెస్ ఎలా నడుస్తోందో వాటికి తెలియదు. శాంప్లింగ్‌లో హద్దు అంటే శాంపిల్‌లో ఎన్ని చెడు ముక్కల వరకు ఒప్పుకుంటామన్న ఒక పూర్ణాంకం. అది అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ కుదిరిన ఒప్పందం.

మూడోది, కొలిచారా, లెక్కపెట్టారా? మి.మీ., గ్రాములు, సెకన్లు కనిపిస్తే కొలిచిన డేటా. ఇన్ని డిఫెక్టివ్‌లు, ఇన్ని గీతలు అని ఉంటే లెక్కపెట్టిన డేటా.

| చూడాల్సింది | కంట్రోల్ చార్ట్ | ప్రాసెస్ కేపబిలిటీ | యాక్సెప్టెన్స్ శాంప్లింగ్ |
|---|---|---|---|
| జవాబు దేనికి | నిలకడగా ఉందా | స్పెసిఫికేషన్‌కు సరిపోతుందా | ఈ లాట్ తీసుకోవాలా |
| హద్దు ఎక్కడిది | ప్రాసెస్ డేటా నుంచి | డ్రాయింగ్ నుంచి | ఒప్పందం నుంచి |
| లెక్కలో గుర్తు | సబ్‌గ్రూపులు, సగటు రేంజ్ | టాలరెన్స్, సిగ్మా | లాట్ సైజు, శాంపిల్ సైజు, ఒప్పుకోలు సంఖ్య |
| చివరి జవాబు రూపం | రెండు హద్దులు | ఒక నిష్పత్తి | ఒక సంభావ్యత |

లెక్క అర్థం కానప్పుడు ఆఖరి వరుస బాగా పనికొస్తుంది. జవాబు మి.మీ.లో రావాలా, యూనిట్ లేని నిష్పత్తిగా రావాలా, 0 కీ 1 కీ మధ్య రావాలా అని ముందే అనుకుంటే సగం దారి తెలిసిపోతుంది.

## కంట్రోల్ చార్ట్: ప్రాసెస్ తనతో తానే పోల్చుకోవడం

మన షాఫ్ట్ లెక్కలో ఒక్కో సబ్‌గ్రూపులో 5 ముక్కలు, మొత్తం 20 సబ్‌గ్రూపులు. సగటులన్నీ కూడితే 500.30 మి.మీ., రేంజులన్నీ కూడితే 0.58 మి.మీ. ఇచ్చారనుకుందాం. 20 తో భాగిస్తే మొత్తం సగటు 25.015, సగటు రేంజ్ 0.029.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. టేబుల్‌లో A2 వెతికేటప్పుడు కొందరు 20 దగ్గర చూస్తారు. చూడాల్సింది సబ్‌గ్రూపు సైజు 5 దగ్గర. 20 అనేది సగటు తీయడానికి మాత్రమే, దాని పని అక్కడితో అయిపోయింది. సైజు 5 కి A2 = 0.577, D3 = 0, D4 = 2.114.

```
X-bar చార్ట్:  UCL = 25.015 + 0.577 × 0.029 = 25.0317
               LCL = 25.015 − 0.577 × 0.029 = 24.9983
R చార్ట్:      UCL = 2.114 × 0.029 = 0.0613
               LCL = 0 × 0.029 = 0
```

చార్టులు రెండూ గీస్తే ముందు రేంజ్ చార్ట్‌నే చూడాలి. సగటు చార్ట్ హద్దులు సగటు రేంజ్ మీదే కట్టినవి కదా. రేంజే అదుపు తప్పి ఉంటే దాని మీద కట్టిన హద్దులకు అర్థం ఉండదు.

రెండో పొరపాటు ఇంకా లోతైనది. ఈ లెక్కలో ఎక్కడా 25.05 గానీ 24.95 గానీ వాడలేదని గమనించండి. వాడకూడదు కూడా. ఒక సబ్‌గ్రూపు సగటు 25.034 వచ్చిందనుకోండి. అందులోని 5 ముక్కలూ స్పెసిఫికేషన్ లోపలే ఉండొచ్చు, ఒక్కటి కూడా పారేయాల్సిన పని ఉండకపోవచ్చు. అయినా పాయింట్ 25.0317 దాటింది కాబట్టి ప్రాసెస్ అదుపు తప్పినట్టే. అలాగే ఒక్క ముక్క వ్యాసం 25.040 ఉంటే అది కంట్రోల్ హద్దు దాటిందనకూడదు, ఎందుకంటే ఆ హద్దు ఐదింటి సగటుకు పెట్టింది. సగటులు విడి ముక్కలంత చెల్లాచెదురుగా ఉండవు. వాటి విచలనం, విడి ముక్కల విచలనమైన సిగ్మాను శాంపిల్ సైజు వర్గమూలంతో భాగించినంతే ఉంటుంది. అందుకే సగటు చార్ట్ మీద స్పెసిఫికేషన్ గీతలు గీయడం రెండు వేరు కొలబద్దలను కలిపేసినట్టు అవుతుంది.

పాయింట్ బయటపడితే లెక్క తరచుగా సవరించిన హద్దులు అడుగుతుంది. పైన చెప్పిన 25.034 సగటు ఉన్న సబ్‌గ్రూపు రేంజ్ 0.048 అనుకుందాం, అది కట్టింగ్ టూల్ అరిగిపోవడం వల్ల వచ్చిందని తేలిందనుకుందాం. అప్పుడు ఆ సబ్‌గ్రూపును రెండు మొత్తాల్లోంచీ తీసేసి 19 తో భాగించాలి. సగటు (500.30 − 25.034) / 19 = 25.014, సగటు రేంజ్ (0.58 − 0.048) / 19 = 0.028 అవుతాయి. సగటును సవరించి రేంజ్‌ను పాతదే ఉంచేసేవాళ్లు ఎక్కువ. ఇంకో మాట, కారణం దొరికినప్పుడే పాయింట్‌ను తీసేయాలి. బయట ఉందన్న ఒక్క సాకుతో తీసేస్తూ పోతే ప్రతి ప్రాసెస్సూ నిలకడగానే కనిపిస్తుంది.

డేటా లెక్కపెట్టినదైతే చార్ట్ మారుతుంది. చెడు ముక్కలు లెక్కపెడితే పి లేదా ఎన్‌పి చార్ట్, ఒక్కో ముక్క మీద లోపాలు లెక్కపెడితే సి లేదా యు చార్ట్. శాంపిల్ సైజు మారుతూ ఉంటే పి, యు చార్ట్‌లే వాడాలి. సైజు మారకపోతే ఎన్‌పి, సి చార్ట్‌లతో పని తేలిక. ఒక షీట్ మీద సగటున 4 గీతలుంటే సి చార్ట్ హద్దులు 4 ± 3√4, అంటే పైన 10, కింద −2. గీతల సంఖ్య సున్నా కన్నా తగ్గదు కాబట్టి కింది హద్దు 0 అని రాయాలి.

## ప్రాసెస్ కేపబిలిటీ: నిలకడ తేలాకే

అన్ని పాయింట్లూ లోపలే ఉన్నాయని తేలిందనుకుందాం, మొదటి అంకెలే తీసుకుందాం. ఇప్పుడు స్పెసిఫికేషన్‌ను లోపలికి రానివ్వొచ్చు. నిలకడ లేని ప్రాసెస్‌కు సిగ్మా రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి, ముందు చార్ట్ చూడకుండా కేపబిలిటీ లెక్కిస్తే వచ్చేది ఆ ఒక్క రోజు మాటే.

సిగ్మా కోసం సగటు రేంజ్‌ను d2 తో భాగించాలి. సైజు 5 కి d2 = 2.326.

```
σ   = 0.029 / 2.326 = 0.01247
Cp  = (25.05 − 24.95) / (6 × 0.01247) = 1.34
Cpu = (25.05 − 25.015) / (3 × 0.01247) = 0.94
Cpl = (25.015 − 24.95) / (3 × 0.01247) = 1.74
Cpk = 0.94
```

సీపీ, సీపీకే రెండింటిలో ఏది రాయాలి? సీపీ చూసేది వెడల్పు మాత్రమే: టాలరెన్స్ అనే గదిలో ప్రాసెస్ పడుతుందా అని. ఎక్కడ నిలబడిందో అది పట్టించుకోదు. సీపీకే దగ్గరగా ఉన్న గోడ ఎంత దూరంలో ఉందో చూస్తుంది. మన షాఫ్ట్‌కు 1.34 చూసి, చాలాచోట్ల కోరే 1.33 దాటిందని సంతోషిస్తే తప్పు. సగటు 25.000 కు బదులు 25.015 దగ్గర ఉంది, పై గోడకు ఆనుకుంటోంది. 0.94 అంటే ఇప్పుడున్న స్థితిలో సరిపోదు.

అందుకే నా సలహా, ప్రశ్న ఒక్కటే అడిగినా రెండూ లెక్కించి పక్కపక్కన రాయండి. వాటి మధ్య తేడాయే ఏం చేయాలో చెబుతుంది. సీపీ బాగుండి సీపీకే తక్కువగా ఉంటే మెషిన్ సెట్టింగ్ జరిపితే చాలు. మన లెక్కలో పై హద్దు సగటు నుంచి 0.035 దూరం, అంటే 2.81 సిగ్మాలు. నార్మల్ టేబుల్ ప్రకారం దాదాపు 0.25 శాతం ముక్కలు పై హద్దు దాటుతాయి. కింది హద్దు 5 సిగ్మాలకు పైనే ఉంది, అటువైపు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సగటును 25.000 కు తెస్తే రెండు వైపులా 4.01 సిగ్మాల దూరం వస్తుంది, చెడు ముక్కలు రెండు వైపులా కలిపి 0.006 శాతానికి దిగుతాయి. మెషిన్ మార్చలేదు, సిగ్మా తగ్గించలేదు, కేవలం 0.015 మి.మీ. జరిపాం.

సిగ్మా 0.020 ఉంటే కథ వేరు. సీపీ 0.10 / 0.12, అంటే 0.83. అప్పుడు సగటును ఎక్కడికి జరిపినా సీపీకే 0.83 దాటదు. మెషిన్‌నైనా బాగుచేయాలి, టాలరెన్స్‌నైనా సడలించమని అడగాలి, లేదంటే ప్రతి ముక్కనూ కొలిచి ఏరాలి. రెండు మార్కుల వివరణ అడిగినప్పుడు ఈ తేడా రాసినవాళ్లకు విషయం అర్థమైందని తెలిసిపోతుంది.

ఇక్కడి పెద్ద పొరపాటు సిగ్మా స్థానంలో కంట్రోల్ చార్ట్ వెడల్పును వాడడం. 25.0317 − 24.9983 = 0.0334, దాన్ని 6 తో భాగిస్తే 0.00557 వస్తుంది. చూడ్డానికి సిగ్మాలాగే ఉంటుంది గానీ అది విడి ముక్కలది కాదు, ఐదేసి ముక్కల సగటులకు ఉండే విచలనం. దాన్ని పెట్టి లెక్కిస్తే సీపీ 2.99 వస్తుంది, అసలుకు రెండింతల కన్నా ఎక్కువ. జవాబు అనుమానంగా పెద్దగా వస్తే √5 తో, అంటే 2.236 తో భాగించి చూడండి. మొదట తీసిన 1.34 తిరిగి వస్తే పొరపాటు ఇదే.

## యాక్సెప్టెన్స్ శాంప్లింగ్: ప్రాసెస్ కనిపించనప్పుడు

ఇప్పుడు మనం కొనే వైపు ఉన్నాం. 1000 షాఫ్ట్‌ల లాట్ వచ్చింది. అవి ఎలా తయారయ్యాయో తెలియదు, చార్ట్ మన దగ్గర లేదు. 50 తీసి గేజ్‌తో చూస్తాం. ఒక్కటి వరకు చెడుగా ఉంటే లాట్ తీసుకుంటాం, రెండు దొరికితే వెనక్కి. దీన్ని n = 50, c = 1 ప్లాన్ అంటాం.

ఈ లెక్కలో అడిగేది ఎప్పుడూ ఒక సంభావ్యతే: లాట్‌లో చెడు శాతం ఇంత ఉంటే అది ఆమోదం పొందే అవకాశం ఎంత? శాంపిల్ పెద్దది, చెడు శాతం చిన్నది అయినప్పుడు పాయిజాన్ సరిపోతుంది. చెడు శాతం 1 అయితే np = 0.5.

```
Pa = e^(−0.5) × (1 + 0.5) = 0.910
```

బైనామియల్‌తో చేసినా 0.911 వస్తుంది, తేడా లేనట్టే. శాంపిల్ లాట్‌లో పదో వంతు కన్నా పెద్దదైతే మాత్రం రెండింటినీ పక్కనపెట్టి హైపర్‌జామెట్రిక్ వాడాలి.

ఒప్పుకోదగ్గ నాణ్యత 1 శాతం, ఒప్పుకోలేని నాణ్యత 8 శాతం అని ప్రశ్న ఇస్తే, ప్లాన్‌లను పోల్చడమే అసలు పని. ఉత్పత్తిదారుడి రిస్క్ అంటే మంచి లాట్ వెనక్కి పోయే అవకాశం. వినియోగదారుడి రిస్క్ అంటే చెడ్డ లాట్ దాటిపోయే అవకాశం.

| ప్లాన్ | 1 శాతం దగ్గర ఆమోదం | ఉత్పత్తిదారుడి రిస్క్ | 8 శాతం దగ్గర ఆమోదం, అంటే వినియోగదారుడి రిస్క్ |
|---|---|---|---|
| n = 50, c = 0 | 0.607 | 0.393 | 0.018 |
| n = 50, c = 1 | 0.910 | 0.090 | 0.092 |
| n = 100, c = 2 | 0.920 | 0.080 | 0.014 |

మొదటి వరుస చూడండి. ఒక్క చెడు ముక్కను కూడా సహించం అన్న ప్లాన్ కఠినంగా, అందుకే మంచిదిగా వినిపిస్తుంది. అది మంచి లాట్లలో 39 శాతాన్ని వెనక్కి పంపేస్తుంది. కొనేవాళ్లకు సరఫరా ఆగిపోయే నష్టం కూడా ఉంటుంది కాబట్టి ఇది వాళ్లకూ లాభం కాదు. మూడో ప్లాన్ రెండు రిస్కులనూ తగ్గించింది, కానీ రెట్టింపు ముక్కలు పరీక్షించాలి. పరీక్షలో ముక్క విరిగిపోయేదైతే 100 ముక్కలు పోగొట్టుకోవడం భారం, అప్పుడు రెండో ప్లానే తీసుకుంటాను. గేజ్‌తో పెట్టి తీయడమే అయితే మూడోది.

వెనక్కి వెళ్లిన లాట్‌ను పూర్తిగా ఏరతారని ప్రశ్నలో ఉంటే సగటు పరీక్ష సంఖ్య కూడా అడుగుతారు. రెండో ప్లాన్‌కు 1 శాతం దగ్గర 50 + 0.090 × 950, అంటే దాదాపు 136 ముక్కలు. ఇక్కడ ఆమోద సంభావ్యతతో గుణించేస్తుంటారు. గుణించాల్సింది తిరస్కరణ సంభావ్యతతో, ఎందుకంటే మిగిలిన 950 ముక్కలు చూసేది లాట్ తిరస్కరణకు గురైనప్పుడే.

మన షాఫ్ట్‌ల దగ్గరికే తిరిగి వెళ్దాం. ఆ ప్రాసెస్ 0.25 శాతం చెడు ముక్కలు ఇస్తోందని తేలింది. వాటి లాట్ రెండో ప్లాన్ ముందుకొస్తే np = 0.125, ఆమోద సంభావ్యత 0.993. దాదాపు ప్రతి లాట్ దాటిపోతుంది. అయినా ఆ ప్రాసెస్ సీపీకే 0.94 మాత్రమే. శాంప్లింగ్ దాటిందంటే ప్రాసెస్ బాగుందని కాదు, ప్రాసెస్ సరిపోదంటే ప్రతి లాట్ చెడ్డదనీ కాదు. రెండు జవాబులూ ఒకే లెక్కలో వస్తే కంగారుపడి ఒకదాన్ని కొట్టేయకండి.

## ఎవరికి ఏది ముందు

కొత్తగా నేర్చుకునేవాళ్లు సగటు, రేంజ్ చార్ట్ దగ్గర మొదలుపెట్టి, అదే డేటాతో సీపీకే దాకా వెళ్లడం మేలు. సగటు రేంజ్ ఒకసారి A2 తో గుణింపబడి, ఇంకోసారి d2 తో భాగింపబడి రెండు వేరు విషయాలు చెప్పడం ఒకే లెక్కలో కనిపిస్తుంది. శాంప్లింగ్‌ను ఆ తర్వాత, విడిగా చదవండి. దాని వెనక ఉన్నది సంభావ్యత పాఠం, చార్ట్‌ల పాఠం కాదు.

సమయం తక్కువగా ఉండి లెక్కలు ఏరుకునేవాళ్లకు శాంప్లింగ్, సి చార్ట్ లెక్కలు త్వరగా అవుతాయి. టేబుల్ అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. 20 సబ్‌గ్రూపుల విడి అంకెలన్నీ ఇచ్చి చార్ట్ గీయమన్న లెక్కను చివరికి ఉంచుకోండి, కూడికల్లోనే సమయం పోతుంది.

చార్ట్, కేపబిలిటీ, చెడు శాతం మూడూ వరుసగా అడిగే పెద్ద లెక్క చేసేవాళ్లు సిగ్మాను మధ్యలో కుదించకండి. మన 0.01247 ను 0.012 అని రాసుకుంటే సీపీ 1.39, సీపీకే 0.97 అవుతాయి. పై హద్దు దూరం 2.92 సిగ్మాలు అయి, చెడు శాతం 0.25 కు బదులు 0.18 వస్తుంది. పద్ధతి అంతా సరిగ్గానే ఉంటుంది, చివరి అంకె మాత్రం నాలుగో వంతు పైగా తగ్గిపోతుంది.